డ్యూటీ మార్పుకు 'సరే' అనే జవాబులో ఏం రాయాలి

ఆసుపత్రి వార్డుల్లో స్టాఫ్ నర్సులు ఒకరి డ్యూటీ మరొకరు చేసిపెట్టడాన్ని 'మ్యూచువల్' అంటారు. ఇంట్లో పెళ్లి, పిల్లల పరీక్ష, అత్తగారి ఆపరేషన్, ఊళ్లో తిరునాళ్లు... ఇలా ఏదో ఒక కారణంతో ప్రతి వార్డులోనూ ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. అడిగేది సాధారణంగా వాట్సాప్‌లోనో, డ్యూటీ దిగేటప్పుడు మెట్ల మీదో. వచ్చే జవాబు కూడా అలాగే ఉంటుంది: "సరేలే, చేస్తాలే." గొడవలన్నీ ఆ ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి. ఏ తేదీ, ఎన్ని గంటలు, బదులు డ్యూటీ ఎప్పుడు, ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఎవరు చెప్పాలి అన్నవి ఆ మాటలో లేవు. ఒప్పుకుంటూనే షరతులు చెప్పే జవాబు మొహమాటాన్ని పక్కన పెట్టి ఈ నాలుగింటినీ తేల్చేస్తుంది.

షరతులు ఎందుకో అర్థం కావాలంటే ముందు డ్యూటీల లెక్క తెలియాలి. చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోజును మూడు డ్యూటీలుగా విడదీస్తారు. మార్నింగ్ ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు, ఈవెనింగ్ 2 నుంచి రాత్రి 8 వరకు, నైట్ రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు. పగటి డ్యూటీలు ఆరేసి గంటలు, నైట్ పన్నెండు గంటలు. నైట్లు వరుసగా కొన్ని పడతాయి, అవి ముగిశాక నైట్ ఆఫ్‌లు ఇస్తారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో వేళలు వేరుగా ఉండొచ్చు. కానీ ఒక డ్యూటీ పొడుగ్గా, మరొకటి పొట్టిగా ఉన్న ప్రతిచోటా చిక్కు ఒకటే. 'నా డ్యూటీ నువ్వు చెయ్యి, నీ డ్యూటీ నేను చేస్తా' అన్నప్పుడు రెండూ సమానంగా కనిపిస్తాయి. గంటలు లెక్కపెడితే మాత్రం ఒకరు రెట్టింపు పని మోస్తున్నారని తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక జిల్లా ఆసుపత్రి మహిళా వార్డులో ఇద్దరు స్టాఫ్ నర్సులున్నారనుకుందాం. చిన్నామెకు 14వ తేదీ శనివారం నుంచి నాలుగు నైట్లు మొదలవుతాయి. 15వ తేదీ ఆదివారం తెల్లవారుజామున ఆమె పిన్ని కూతురి పెళ్లి, అదీ వేరే ఊళ్లో. పెద్దామెకు 13 శుక్రవారం మార్నింగ్, 14 శనివారం ఈవెనింగ్, 15 ఆదివారం వీక్లీ ఆఫ్, 16 సోమవారం మార్నింగ్. చిన్నామె ఇలా మెసేజ్ పెట్టింది: "అక్కా, శనివారం నైట్ మీరు చూసుకుంటారా? మీ ఈవెనింగ్ నేను చేస్తాను. ప్లీజ్ అక్కా, ముహూర్తం తెల్లవారుజామున."

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నిజానికి ఈ మార్పు చాలావరకు బాగానే కుదురుతుంది. చిన్నామె శనివారం 2 గంటలకు వచ్చి రాత్రి 8 వరకు చేసి, అక్కడి నుంచి బస్సెక్కొచ్చు. ఆమె రెండో నైట్ ఆదివారం రాత్రి 8కి. ఈ లోపు పెళ్లి చూసుకుని తిరిగి రావచ్చు. పెద్దామెకు శుక్రవారం మధ్యాహ్నం 2 నుంచి శనివారం రాత్రి 8 దాకా ముప్ఫై గంటలు ఖాళీ దొరుకుతుంది. అందుకని జవాబు 'కుదరదు' కానక్కర్లేదు. అయితే పెద్దామె వైపు నుంచి రెండు విషయాలు చూడాలి.

మొదటిది గంటలు. ఆమె వదులుకునేది ఆరు గంటల ఈవెనింగ్, తీసుకునేది పన్నెండు గంటల నైట్. ఇంకా ఆరు గంటలు బాకీ ఉంటాయి. రెండోది సెలవు. పాత లెక్క ప్రకారం శనివారం రాత్రి 8కి దిగి సోమవారం ఉదయం 8కి ఎక్కేది, అంటే ముప్ఫై ఆరు గంటల విశ్రాంతి. కొత్త లెక్కలో ఆదివారం ఉదయం 8కి దిగుతుంది కాబట్టి ఇరవై నాలుగు గంటలే మిగులుతాయి. అందులో సగం నిద్రకే పోతుంది. రోస్టర్ కాగితం మీద మాత్రం ఆదివారం ఎదురుగా 'ఆఫ్' అని అలాగే ఉంటుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లో ఈ విషయాన్ని ముందే గుర్తించారు. అర్ధరాత్రి దాటే షిఫ్టు చేసే కార్మికుడికి సెలవు రోజంటే షిఫ్టు ముగిసిన క్షణం నుంచి వరుసగా 24 గంటలని అందులో రాశారు. ఆసుపత్రి వార్డు ఫ్యాక్టరీ కాదు, ఆ చట్టం కిందికి వచ్చేదీ కాదు. అయినా నైట్ చేసినవాళ్ల సెలవును క్యాలెండర్ తేదీతో కాకుండా దిగిన గంట నుంచి లెక్కపెట్టాలన్న ఆలోచన ఇక్కడా సరిపోతుంది.

ఇక జవాబు. పెద్దామె రాయదగిన మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"సరేనమ్మా, 14 శనివారం రాత్రి 8 నుంచి 15 ఆదివారం ఉదయం 8 వరకు నీ నైట్ నేను చేస్తాను. నా 14 శనివారం ఈవెనింగ్, 2 నుంచి 8 వరకు, నువ్వు చెయ్యాలి. నైట్ పన్నెండు గంటలు కదా, మిగతా ఆరు గంటలకి 20 శుక్రవారం నా మార్నింగ్ కూడా నువ్వే చెయ్యి. ఆ రోజు నీకు నైట్ ఆఫ్ ఉంది, చూశాను. ఇన్‌ఛార్జి మేడమ్‌కి లెటర్ నువ్వు రాయి, నేనూ సంతకం పెడతాను. 12 గురువారం సాయంత్రంలోగా మేడమ్ రోస్టర్‌లో మార్చి సంతకం చేస్తేనే ఇది ఖాయం, లేకపోతే ఎవరి డ్యూటీ వాళ్లదే. శనివారం 8 గంటలకి హ్యాండోవర్ పూర్తిగా ఇచ్చే బయల్దేరు. బస్సు తొమ్మిది తర్వాతది చూసుకో. ఆదివారం నైట్ మాత్రం నాకు కుదరదు, సోమవారం మార్నింగ్ ఉంది. తిరుగు ప్రయాణం మధ్యాహ్నమే పెట్టుకో. పెళ్లి బాగా జరగాలి."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. ఒప్పుకోలు మొదటి మాటలోనే ఉంది. షరతులు ముందు చెప్పి చివర్న సరే అంటే, చదివేవాళ్లకు కాదంటున్నారేమో అనిపిస్తుంది, వేరొకరిని వెతుక్కోవడం మొదలుపెడతారు. పైగా ఇద్దరు ముగ్గురిని అడిగి, ఇద్దరూ సరేనంటే ఆ రాత్రి ఎవరు రావాలో తేలక మరో తలనొప్పి.

తర్వాత తేదీలు. 'శనివారం నైట్' అనే మాట మామూలుగా అందరికీ అర్థమయ్యేదే. కానీ నైట్ రెండు తేదీల మీద పరుచుకుని ఉంటుంది. '15 నైట్' అంటే 15 ఉదయం ముగిసేదా, 15 రాత్రి మొదలయ్యేదా అని సందేహం వస్తుంది. అర్ధరాత్రి దాటాక మెసేజ్‌లో 'రేపు' అని రాస్తే మరీ ఇబ్బంది. వార్డుకు ఇద్దరూ వచ్చిన రాత్రి పర్వాలేదు. ఎవరూ రాని రాత్రి వస్తే, ఈవెనింగ్ చేసిన సిస్టర్ దిగడానికి వీల్లేకుండా ఉండిపోవాలి. అందుకే మొదలయ్యే తేదీ, గంట, ముగిసే తేదీ, గంట నాలుగూ రాయాలి. రాయడానికి అర నిమిషం పడుతుంది.

బదులు డ్యూటీ విషయంలో ఎక్కువమంది మొహమాటపడతారు. 'తర్వాత చూసుకుందాంలే' అంటారు. ఆ 'తర్వాత' సాధారణంగా మంచి సమయంలో రాదు. నెల రోస్టర్ మారుతుంది, ఒకరికి వేరే వార్డు పడుతుంది, ఇంకొకరు లీవ్ పెడతారు. రెండు నెలలకు ఆ ఆరు గంటల గురించి గుర్తుచేస్తే, అడిగినవాళ్లే చిన్నబుచ్చుకుంటారు. అందువల్ల బదులు కూడా అదే మెసేజ్‌లో తేదీతో సహా ఉండాలి, వీలైతే అదే రోస్టర్ కాలంలో. పై ఉదాహరణలో 20వ తేదీని ఊరికే ఎంచుకోలేదు. చిన్నామెకు శని, ఆది, సోమ, మంగళ నైట్లు. మొదటిది పెద్దామెకు ఇచ్చాక మూడు మిగిలాయి, అవి 18 బుధవారం ఉదయం 8కి ముగుస్తాయి. ఆ తర్వాత నైట్ ఆఫ్‌లు. 20 శుక్రవారం ఉదయానికి ఆమె దిగి సరిగ్గా నలభై ఎనిమిది గంటలవుతుంది, నిద్ర తీరి ఉంటుంది. బదులుగా 18 మార్నింగ్ అడిగితే నైట్ దిగి అక్కడే మార్నింగ్ ఎక్కినట్టవుతుంది, పద్దెనిమిది గంటలు ఏకబిగిన. షరతు పెట్టేవాళ్లు ఎదుటివాళ్ల రోస్టర్ కూడా చూడాలి. 'చూశాను' అన్న మాట ఆ మెసేజ్‌లో అందుకే ఉంది.

నిద్ర గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక షరతులో బేరమాడటానికి వీల్లేదు, దానికి కారణం ఇదే. ఆస్ట్రేలియాలో చేసి 1997లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, వరుసగా పదిహేడు గంటలు మేల్కొని ఉన్నవాళ్ల చేతి-కంటి సమన్వయం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయిందని తేలింది. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. శనివారం ఉదయం 6కి లేచి, పగలు ఈవెనింగ్ కూడా చేసి నైట్ ఎక్కితే, రాత్రి 11కే పదిహేడు గంటలు నిండుతాయి. అప్పటికి డ్యూటీలో మూడు గంటలే గడిచి ఉంటాయి. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య శరీరానికి సహజంగానే మత్తు కమ్మే వేళ. ఆ వేళలోనే ఇన్సులిన్ మోతాదు చూడాలి, పొటాషియం క్లోరైడ్ కలిపిన సెలైన్ వేగం సరిచెయ్యాలి, రక్తం ఎక్కుతున్న రోగికి చలి పుడుతోందా అని కనిపెట్టాలి. పగలు వార్డులో నలుగురుంటారు, ఒకరి పొరపాటు మరొకరి కంట పడుతుంది. రాత్రి చాలా వార్డుల్లో ఒక్క సిస్టరే.

అమెరికాలో నర్సుల పని గంటల మీద 2004లో వెలువడిన ఒక అధ్యయనం కూడా ఇదే వైపు చూపుతుంది. పన్నెండున్నర గంటలు, అంతకు మించి పనిచేసిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు పెరిగిందని అందులో తేలింది. పన్నెండు గంటల నైట్ ఆ హద్దుకు పక్కనే ఉంది. దానికి ముందో వెనకో మరో డ్యూటీ తగిలిస్తే ఎంత దూరం పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే 'నా ఈవెనింగ్ నువ్వే చెయ్యాలి' అన్న షరతు గంటల బాకీ కోసం మాత్రమే కాదు. ఆ ఈవెనింగ్ పోతేనే పెద్దామె శనివారం మధ్యాహ్నం రెండు, మూడు గంటలు పడుకోగలుగుతుంది. ఒకవేళ చిన్నామె "అక్కా, ఈవెనింగ్ కూడా మీరే చేసేయండి, తర్వాత రెండు మార్నింగ్‌లు ఇస్తాను" అని అడిగితే, గంటల లెక్క సరిపోయినా ఒప్పుకోకూడదు.

ఇన్‌ఛార్జి సంతకం గురించిన షరతును చాలామంది లాంఛనంగా చూస్తారు. అది లాంఛనం కాదు. రోస్టర్‌లో ఎవరి పేరుంటే ఆ రాత్రి వార్డుకు వాళ్లదే బాధ్యత. పెద్దామె వార్డులో ఉండి, కాగితం మీద చిన్నామె పేరు ఉంటే, ఆ రాత్రి ఏదైనా జరిగినప్పుడు ఇద్దరూ ఇరుక్కుంటారు. ఒకరు డ్యూటీకి రానట్టు, మరొకరు తనది కాని డ్యూటీలో ఉన్నట్టు తేలుతుంది. బయోమెట్రిక్ హాజరు ఉన్నచోట అది ముందే బయటపడుతుంది. రోస్టర్ మారకపోతే చిన్నామెకు గైర్హాజరు పడుతుంది, పెద్దామె వేలిముద్రకు లెక్క ఉండదు. నెలాఖరున జీతాల బిల్లు దగ్గర ఇద్దరూ సంజాయిషీలు రాసుకోవాలి. లెటర్ పెద్దదేమీ కాదు. ఇద్దరి పేర్లు, రెండు వైపులా మారే డ్యూటీల తేదీలు, వేళలు, కారణం ఒక్క ముక్కలో, కింద ఇద్దరి సంతకాలు. దాని మీద హెడ్ నర్సు సంతకం చేసి రోస్టర్‌లో దిద్దాలి. కొన్ని ఆసుపత్రుల్లో అది నర్సింగ్ సూపరింటెండెంట్ ఆఫీసుకు కూడా వెళ్లాలి. 20వ తేదీ మార్నింగ్ కూడా అదే లెటర్‌లో రాయాలి. చాలా లెటర్లలో మొదటి మార్పు మాత్రమే రాసి, బదులు సంగతి మాటలకే వదిలేస్తారు. అప్పుడు ఇన్‌ఛార్జికి తెలిసినంతవరకు 20న రావాల్సింది పెద్దామే.

లెటర్ రాసే పని అడిగినవాళ్లదే కావాలి. అవసరం వాళ్లది కాబట్టి గడువులోపు పూర్తిచేసే తొందరా వాళ్లకే ఉంటుంది. గడువు కూడా అవసరమే. గురువారం సాయంత్రం అంటే, మేడమ్ ఒప్పుకోకపోయినా చిన్నామెకు వేరే దారి చూసుకోవడానికి ఒక పూర్తి రోజు మిగులుతుంది. మేడమ్ ఒప్పుకోకపోవడానికి తగిన కారణాలుంటాయి. ఇద్దరూ ఒకే హోదా వాళ్లు కాకపోవచ్చు, లేదా ఆ రాత్రి వార్డులో వెంటిలేటర్ మీద రోగి ఉండి, బదులు వచ్చేవాళ్లకు ఆ పని అలవాటు లేకపోవచ్చు. ఐసీయూ, లేబర్ రూమ్, డయాలసిస్ లాంటి చోట్ల గంటలు సరిపోతే చాలదు, చేతిలో ఆ పని ఉండాలి. ఆ నిర్ణయం ఇద్దరు స్నేహితురాళ్లది కాదు.

పై ఉదాహరణలో హ్యాండోవర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. శనివారం రాత్రి 8కి వార్డు అప్పగించేది చిన్నామె, తీసుకునేది పెద్దామె. అప్పగించే మనిషికి బస్సు తొందర. ఏడున్నర నుంచే కన్ను గడియారం మీద ఉంటుంది. అలాంటప్పుడు హ్యాండోవర్ రిపోర్టు పుస్తకంలో రెండు గీతలుగా ముగుస్తుంది, 'అందరూ స్టేబుల్ అక్కా' అన్న మాటతో తలుపు దాటేస్తారు. పూర్తి హ్యాండోవర్‌కు ఇద్దరూ కలిసి మంచం మంచం తిరగాలి. ఎవరికి ఏ మందు ఎన్ని గంటలకు బాకీ ఉంది, ఏ సెలైన్ ఎప్పుడు అయిపోతుంది, ల్యాబ్ నుంచి రావాల్సిన రిపోర్టులేవి, కొత్తగా చేరినవాళ్లెవరు, ఎవరి పరిస్థితి మీద డాక్టర్‌కు కబురు పెట్టారు అన్నవి చెప్పాలి. ఎమర్జెన్సీ ట్రాలీలో మందులు, ఆక్సిజన్ సిలిండర్‌లో ఒత్తిడి చూపించాలి. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి మందుల బీరువా తాళం, రిజిస్టర్ ఇచ్చి, ఆంప్యూళ్లు ఇద్దరూ లెక్కపెట్టి సంతకాలు చెయ్యాలి. ముప్ఫై మంది రోగులున్న వార్డులో ఇది పది నిమిషాల్లో తేలే పని కాదు. 'బస్సు తొమ్మిది తర్వాతది చూసుకో' అన్నది పెద్దరికంతో ఇచ్చిన సలహాలా వినిపిస్తుంది కానీ, ఆ మెసేజ్ మొత్తంలో రోగికి నేరుగా పనికొచ్చే వాక్యం అదే.

చివరి షరతు ఆదివారం నైట్. మార్పుకు ఒప్పుకున్నవాళ్లకు తర్వాతి రోజు మరో ఫోన్ వస్తుంటుంది: "అక్కా, బస్సు దొరకలేదు, ఈ ఒక్క రాత్రీ..." అప్పటికి పెద్దామె నైట్ దిగి పన్నెండు గంటలు కూడా కాలేదు, తెల్లారితే మార్నింగ్ ఉంది. ఆ ఫోన్ వచ్చాక కాదనడం కష్టం, ముందే మెసేజ్‌లో ఉంటే తేలిక. అందుకే ఒప్పుకున్నది ఎక్కడ ముగుస్తుందో కూడా జవాబులో ఉండాలి. చిన్నామె నిజంగానే రాలేకపోతే ఆ కబురు ఇన్‌ఛార్జికి వెళ్లాలి. ఆ రాత్రికి మనిషిని సర్దే అధికారం ఆమెకే ఉంది. ఇదే సూత్రం జబ్బుకూ వర్తిస్తుంది. పెద్దామెకు శనివారం జ్వరం వస్తే, మార్చిన రోస్టర్ ప్రకారం ఆ నైట్ ఆమెది. సిక్ లీవ్ ఆమే చెప్పాలి, ఇన్‌ఛార్జికే చెప్పాలి. పెళ్లి బస్సులో ఉన్న చిన్నామెకు ఫోన్ చేసి 'నువ్వే వచ్చెయ్' అనకూడదు. సంతకం అయిన రోస్టర్ ఇద్దరినీ కట్టేస్తుంది.

షరతులకూ హద్దుంది. ఒక నైట్‌కి రెండు నైట్లు అడగడం, పండగ రోజు డ్యూటీలన్నీ ఎదుటివాళ్ల మీదికి తోసెయ్యడం, డబ్బు తీసుకుని డ్యూటీ చెయ్యడం షరతుల కిందికి రావు, అవి అవసరాన్ని అడ్డం పెట్టుకుని చేసే బేరాలు. డబ్బు మారిన డ్యూటీ ఏ లెటర్‌లోనూ రాయలేనిది, రాయలేని డ్యూటీ బయటపడితే శాఖాపరమైన చర్య దాకా పోతుంది. గంటకు గంట, ఆఫ్‌కు ఆఫ్, అంతే న్యాయం. ఇంట్లో చావు, పిల్లవాడికి యాక్సిడెంట్ లాంటి కబురు వచ్చి అప్పటికప్పుడు అడిగినప్పుడు బదులు తేదీ సంగతి ఆ పూట ఎత్తనక్కర్లేదు. ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి చెప్పడం, ఎక్కేవాళ్లు వరుసగా రెండో డ్యూటీలో లేకుండా చూసుకోవడం ఈ రెండూ చాలు. లెటర్ మర్నాడు రాయొచ్చు.

మార్పు నడిచినన్నాళ్లూ ఆ మెసేజ్ ఫోన్‌లో, లెటర్ నకలు వార్డు ఫైల్లో ఉండాలి. 20వ తేదీ మధ్యాహ్నం 2 గంటలకు చిన్నామె మార్నింగ్ ముగించి, ఈవెనింగ్ సిస్టర్‌కి హ్యాండోవర్ ఇచ్చి సంతకం చేయడంతో ఇద్దరి లెక్కా సరిపోతుంది. పెద్దామె ఇచ్చింది పన్నెండు గంటలు, తిరిగి వచ్చింది పన్నెండు గంటలు.